రెండు జట్లూ 106 దగ్గరే నాలుగో వికెట్ కోల్పోయాయి: టీ20 ప్రపంచ కప్ ఫైనల్ సారాంశం

హాస్టల్ గోడపత్రిక, క్రీడల పుట
తిరుపతి, జూలై 1, 2024

శనివారం రాత్రి శ్రీవారి సేవకు కొండపైకి వెళ్లి మ్యాచ్ చూడలేకపోయిన మన హాస్టల్ మిత్రులు, ఆదివారం దిగివచ్చిన తరువాత తమ ఫోన్లలో చూసినది ఒక్క స్కోర్‌కార్డు స్క్రీన్‌షాట్ మాత్రమే. ఎవరు గెలిచారో అది చెప్పింది కానీ ఎలా గెలిచారో చెప్పలేదని వారు అడిగినందున, అదే స్క్రీన్‌షాట్‌ను ముందు పెట్టుకుని ఈ సారాంశం రాయడమైనది. అందులోని అంకెలు ఉన్నవి ఉన్నట్టుగా ఇచ్చాము. అందులో కనిపించని ఓవర్ల వివరాలు మాత్రం హాల్లో కూర్చుని చూసిన మేము జోడించినవి.

ఫలితం: జూన్ 29న బార్బడోస్‌లోని బ్రిడ్జ్‌టౌన్, కెన్సింగ్టన్ ఓవల్‌లో జరిగిన ఫైనల్‌లో భారత్ దక్షిణాఫ్రికాపై 7 పరుగుల తేడాతో గెలిచింది. టాస్ గెలిచి మొదట బ్యాటింగ్ చేసిన భారత్ 20 ఓవర్లలో 7 వికెట్లకు 176 పరుగులు చేయగా, దక్షిణాఫ్రికా 8 వికెట్లకు 169 పరుగుల వద్ద ఆగిపోయింది. 2007 తరువాత ఈ కప్పు మళ్లీ మనకు దక్కడానికి 17 ఏళ్లు పట్టింది.

భారత ఇన్నింగ్స్: యాన్సెన్ వేసిన మొదటి ఓవర్లో కోహ్లి మూడు ఫోర్లు కొట్టగా 15 పరుగులు వచ్చాయి. అయితే రెండో ఓవర్లోనే కేశవ్ మహరాజ్ రోహిత్‌ను (9), పంత్‌ను (0) వెనక్కి పంపాడు. అయిదో ఓవర్లో రబాడ సూర్యకుమార్‌ను (3) అవుట్ చేసేసరికి స్కోరు 3 వికెట్లకు 34. ఆ స్థితిలో అక్షర్ పటేల్‌ను ముందుగా పంపిన నిర్ణయమే ఇన్నింగ్స్‌ను నిలబెట్టింది. కోహ్లి ఒక కొస కాపాడుతుండగా అక్షర్ 31 బంతుల్లో ఒక ఫోర్, నాలుగు సిక్సర్లతో 47 పరుగులు చేశాడు. ఇద్దరూ కలిసి 54 బంతుల్లో 72 పరుగులు జోడించిన తరువాత, డికాక్ విసిరిన బంతికి అక్షర్ రనౌట్ అయ్యాడు. అప్పటికి 13.3 ఓవర్లు, 4 వికెట్లకు 106. ఈ అంకెను చదివేవారు గుర్తుంచుకోవాలి.

కోహ్లి 59 బంతుల్లో చేసిన 76 పరుగులను (6 ఫోర్లు, 2 సిక్సర్లు) రెండు ముక్కలుగా చూడటం న్యాయం. యాభైకి అతడికి 48 బంతులు పట్టింది. ఆ తరువాతి 11 బంతుల్లో 26 వచ్చాయి. యాభై పూర్తయ్యే వేళకు హాల్లో సణుగుడు వినిపించిన మాట నిజమే కానీ, సణిగినవారిలో ఎవరూ 34 పరుగులకు మూడు వికెట్లు పోయిన సంగతిని లెక్కలోకి తీసుకోలేదు. శివమ్ దూబే 16 బంతుల్లో 27 పరుగులతో తోడయ్యాడు. దక్షిణాఫ్రికా బౌలర్లలో మహరాజ్ (3 ఓవర్లలో 23 పరుగులకు 2), నోకియా (4 ఓవర్లలో 26 పరుగులకు 2) పొదుపుగా వేశారు. యాన్సెన్ 4 ఓవర్లలో 49 పరుగులు ఇచ్చాడు.

దక్షిణాఫ్రికా ఇన్నింగ్స్: బుమ్రా హెండ్రిక్స్‌ను బౌల్డ్ చేసిన తీరు, అర్ష్‌దీప్ బంతికి మార్‌క్రమ్ కీపర్ పంత్‌కు చిక్కిన తీరు చూసి, 2 వికెట్లకు 12 వద్ద మ్యాచ్ మనదేననుకున్నాము. డికాక్ (31 బంతుల్లో 39), స్టబ్స్ (21 బంతుల్లో 31) ఆ భ్రమను తొలగించారు. స్టబ్స్‌ను అక్షర్, డికాక్‌ను అర్ష్‌దీప్ అవుట్ చేశారు. డికాక్ వెనుదిరిగినప్పుడు స్కోరు మళ్లీ 4 వికెట్లకు 106, కానీ 12.3 ఓవర్లలోనే. అంటే సరిగ్గా ఆరు బంతులు ముందుగానే దక్షిణాఫ్రికా ఆ మజిలీ చేరింది. అక్కడి నుంచి భారత్ మిగిలిన 39 బంతుల్లో 70 పరుగులు చేస్తే, దక్షిణాఫ్రికా మిగిలిన 45 బంతుల్లో 63 మాత్రమే చేసింది. ఆ రెండింటి తేడాయే గెలుపు తేడా.

ఆ 63 పరుగుల్లో కూడా రెండు కథలున్నాయి. క్లాసెన్, మిల్లర్ విరుచుకుపడటంతో మొదటి 15 బంతుల్లో 41 వచ్చాయి; అక్షర్ వేసిన 15వ ఓవర్ ఒక్కటే 24 పరుగులు సమర్పించుకుంది. 30 బంతుల్లో 30 పరుగులు కావాలి, చేతిలో ఆరు వికెట్లు ఉన్నాయి. ఆ క్షణంలో హాల్లో కొందరు లేచి మెస్సుకు మంచినీళ్ల కోసం వెళ్లిపోయారు. మిగిలిన 30 బంతుల్లో వచ్చినవి 22 పరుగులే.

మలుపులు: మొదటిది, 16వ ఓవర్లో బుమ్రా 4 పరుగులే ఇవ్వడం. ఇందులో వికెట్ పడలేదు కనుక స్కోర్‌కార్డులో ఇది ఎక్కడా కనిపించదు, కానీ పట్టు జారకుండా ఆపినది ఇదే. తరువాత పంత్ మోకాలికి చికిత్స కోసం ఆట కాసేపు ఆగింది. తిరిగి మొదలైన మొదటి బంతికే, అంటే 16.1 వద్ద, హార్దిక్ బౌలింగ్‌లో క్లాసెన్ (27 బంతుల్లో 52, 5 సిక్సర్లు) పంత్‌కు క్యాచ్ ఇచ్చాడు. మా దృష్టిలో ఈ ఫైనల్ తిరిగినది ఇక్కడే. తరువాత జరిగినదంతా దీని పర్యవసానం. 18వ ఓవర్లో బుమ్రా 2 పరుగులకే యాన్సెన్‌ను బౌల్డ్ చేశాడు, 19వ ఓవర్లో అర్ష్‌దీప్ 4 పరుగులు ఇచ్చాడు. చివరి ఓవర్లో 16 కావలసి ఉండగా, హార్దిక్ వేసిన ఫుల్‌టాస్‌ను మిల్లర్ లాంగాఫ్ మీదుగా లేపాడు. సూర్యకుమార్ బౌండరీ గీత దగ్గర బంతిని అందుకుని, లోపలికి ఎగరేసి, గీత దాటి మళ్లీ లోపలికి వచ్చి పట్టుకున్నాడు. స్కోర్‌కార్డులో దానికి దక్కిన చోటు ఒక్క వరుస మాత్రమే.

బౌలింగ్ లెక్క: స్క్రీన్‌షాట్ అడుగున ఉన్న ఈ పట్టికను చాలామంది దాటవేస్తారు, కానీ మ్యాచ్ అంతా అక్కడే ఉంది. అక్షర్, కుల్దీప్, జడేజా కలిసి వేసిన 9 ఓవర్లలో 106 పరుగులిచ్చి ఒక్క వికెట్ తీశారు (మళ్లీ 106, అంకెల మీద నమ్మకం ఉన్నవారు ఏమైనా అనుకోవచ్చు). బుమ్రా (18 పరుగులకు 2), అర్ష్‌దీప్ (20 పరుగులకు 2), హార్దిక్ (3 ఓవర్లలో 20 పరుగులకు 3) కలిసి వేసిన 11 ఓవర్లలో 58 పరుగులిచ్చి మిగిలిన ఏడు వికెట్లనూ పంచుకున్నారు.

ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ కోహ్లి. టోర్నీలో 15 వికెట్లు తీసిన బుమ్రాకు ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ దక్కింది. ఈ ఒక్క మ్యాచ్ అవార్డును కూడా బుమ్రాకే ఇవ్వవలసిందని మన హాస్టల్లో సగం మంది వాదన. ఆ సగంలో ఈ సారాంశం రాసినవారూ ఉన్నారు.