మోకాలి ఆర్థ్రోస్కోపీకి ముందు సమ్మతి సంభాషణ: భయపడుతున్న పేషెంటుతో

పేషెంటుకు 43 ఏళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో టైలరింగ్ షాపు నడుపుతారు. జూలైలో వానలో బస్సు దిగుతుండగా కుడికాలు గుంతలో దిగబడి మోకాలు మెలిపడింది. నాలుగు నెలలైంది, పది వారాలు ఫిజియోథెరపీ చేశారు. లేచేటప్పుడు మోకాలు పట్టేసి, కాసేపటికి వదులుతోంది. ఎంఆర్ఐలో లోపలి వైపు మినిస్కస్ వెనక భాగం చిరిగి ఒక ముక్క వేలాడుతోంది. గుజ్జు కొద్దిగా అరిగింది, లిగమెంట్లు బాగున్నాయి. అయిదేళ్లుగా షుగర్ ఉంది, హెచ్‌బీఏ1సీ 7.2. వెంట తమ్ముడు వచ్చాడు.

ఈ మాటలు ఓపీ గదిలో, కూర్చుని, ఆపరేషన్‌కు కనీసం ఒక రోజు ముందు జరగాలి. థియేటర్ బయట ట్రాలీ మీద పడుకోబెట్టి అడిగిన సంతకానికి విలువ లేదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టాలి. అరగంట పడుతుంది. మోకాలి బొమ్మ, ఎంఆర్ఐ ఫిల్మ్ బల్ల మీద ఉండాలి.

డాక్టర్: కూర్చోండమ్మా. కాలు చాపుకోండి, పర్లేదు. తమ్ముడూ, నువ్వూ కూర్చో. ఈ రోజు సంతకం పెట్టాల్సిన పని లేదు, ముందు మాట్లాడుకుందాం. ఈ ఆపరేషన్ గురించి మీకు ఏం తెలుసో, ఏం విన్నారో చెప్పండి.

పేషెంట్: మోకాలు చిప్ప తీసి ఇనుప చిప్ప పెడతరంట గదా సార్. మా పక్కింటామె పెట్టిచ్చుకుంది, ఇంకా కాలు సక్కగ వంగుతలేదు. నాకు రాత్రి నిద్ర పడ్తలేదు.

(మధ్యలో ఆపకూడదు. చెప్పడం అయ్యాకే సరిదిద్దాలి.)

డాక్టర్: మీ పక్కింటామెకు చేసింది కీలు మార్పిడి. మీకు అది కాదు, ఎముక కోయం, ఇనుము పెట్టం. ఈ బొమ్మ చూడండి. తొడ ఎముకకీ కింది ఎముకకీ మధ్య లోపల ఒకటి, బయట ఒకటి, నెలవంకలా రెండు మెత్తలు ఉంటాయి. వాటినే మినిస్కస్ అంటాం. అందరూ 'గుజ్జు' అనేది ఎముక మీద పూత. మీకు ఆ పూత కొద్దిగానే అరిగింది. అసలు సమస్య లోపలి మెత్త వెనక అంచు చిరిగి, ఆ ముక్క మధ్యలో ఇరుక్కోవడం. అందుకే మీరు లేస్తుంటే పట్టేస్తోంది.

పేషెంట్: అది అతుక్కోదా సార్, తనంతట తానే?

డాక్టర్: మెత్త బయటి అంచుకు మాత్రమే రక్తం అందుతుంది. అక్కడ చిరిగితే కొన్నిసార్లు మానుతుంది. లోపలి భాగానికి రక్తం లేదు, అది అతుక్కోదు. కానీ అతుక్కోకపోయినా చాలామందికి నొప్పి తగ్గుతుంది. కాబట్టి చిరిగిందంటే ఆపరేషన్ తప్పదని అనుకోకండి.

తమ్ముడు: మరి ఆపరేషన్‌ల ఏం జేస్తరు సార్?

డాక్టర్: నడుము కింద మత్తు ఇస్తారు. తొడకు బీపీ పట్టీ లాంటిది కడతాం, లోపల రక్తం అడ్డు రాకుండా. చిప్ప కింద అటొకటి ఇటొకటి, సెంటీమీటర్ కన్నా చిన్న గాట్లు రెండు పెడతాం. ఒకదాంట్లోంచి 4 మిల్లీమీటర్ల మందం ఉన్న కెమెరా గొట్టం, రెండోదాంట్లోంచి పనిముట్లు. సెలైన్ నింపి మోకాలిని ఉబ్బించి, టీవీలో చూస్తూ పని చేస్తాం. అరగంట నుంచి ముప్పావుగంట. అదే సాయంత్రమో మర్నాడో ఇంటికి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. మీరు టైలర్ కాబట్టి చెబుతా. చిరిగిన అంచును కత్తిరించి సాఫు చేయడం ఒక పద్ధతి, కుట్టడం ఇంకో పద్ధతి. బట్ట పీలికలైపోతే దారం నిలవదు కదా, ఇదీ అంతే. మీది కత్తిరించడమే అవుతుందని ఎంఆర్ఐని బట్టి అనుకుంటున్నా. కానీ లోపల చూశాక, బయటి అంచు దగ్గర చిరుగు ఉండి మెత్త గట్టిగా ఉంటే కుట్టడమే మంచిది. రెండింటికీ మీ అనుమతి ఇప్పుడే అడగాలి, అప్పుడు బల్ల మీద అడగడం కుదరదు.

(రోగనిర్ధారణకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు చెల్లదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది. ఫారంలో 'ఆర్థ్రోస్కోపీ' అని ఒక్క ముక్క రాసి వదలొద్దు. 'కుడి మోకాలు, లోపలి మినిస్కస్, కత్తిరించడం లేదా కుట్టడం' అని రెండూ రాయాలి.)

పేషెంట్: రెండిట్ల ఏది జేస్తే తొందరగా షాపుకు పోతా?

డాక్టర్: కత్తిరిస్తే అదే రోజు కర్రతో నిలబడతారు, రెండు మూడు వారాల్లో మిషన్ ముందు కూర్చోవచ్చు. కుట్టితే నాలుగు నుంచి ఆరు వారాలు కర్రలు, బెల్టు. అన్నాళ్లూ మోకాలు 90 డిగ్రీలు దాటి వంచకూడదు. బరువైన పని, గొంతుక్కూర్చోవడం నాలుగు నుంచి ఆరు నెలల తర్వాతే. పైగా కుట్టినవన్నీ నిలవవు. నలుగురైదుగురిలో ఒకరికి కుట్టు ఊడి మళ్లీ ఆపరేషన్ పడొచ్చు.

తమ్ముడు: అయితే కత్తిరించుడే మంచిది గదా సార్?

డాక్టర్: అప్పటికి సుళువే. కానీ కత్తిరించిన మెత్త మళ్లీ రాదు. ఎంత ఎక్కువ తీస్తే ముందు ముందు గుజ్జు అంత త్వరగా అరుగుతుంది. అందుకే కుట్టగలిగింది కుట్టడం, తీయక తప్పనిది కొద్దిగా తీయడం. కుట్టే సామాను ఖర్చు వేరు. రెండు లెక్కలూ విడివిడిగా రాసిస్తారు, బిల్లు దగ్గర ఆశ్చర్యపోవద్దు.

(ఇక్కడ ఆగి మొహం చూడాలి. చేతులు నలుపుకుంటూ ఉంటే, భయం దేనికో అడగాలి. 'ఏం కాదులే' అనొద్దు. ఆ మాట పేషెంటును ఊరుకోబెడుతుంది గానీ భయాన్ని తీర్చదు.)

డాక్టర్: అమ్మా, అన్నింట్లోకి మీకు ఎక్కువ భయం దేనికి?

పేషెంట్: నడుంల సూది సార్. అది ఇస్తే జన్మంత నడుంనొప్పి ఉంటదంటరు. మల్ల తెలివి ఉండంగనే కోస్తరా?

డాక్టర్: తెలివి ఉంటుంది, నొప్పి ఉండదు. తాకినట్టు, లాగినట్టు తెలుస్తుంది. వద్దనుకుంటే కునుకు పట్టేలా మందు ఇస్తారు, ముందే చెప్పండి. సూది పొడిచిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు. జన్మంతా నడుంనొప్పి ఈ సూది వల్ల రాదు. సుమారు వందలో ఒకరికి లేచి కూర్చుంటే తలనొప్పి వస్తుంది, దానికి వైద్యం ఉంది. బీపీ తగ్గడం, వణుకు, కొన్ని గంటలు మూత్రం రాకపోవడం జరగొచ్చు. కాళ్ల నరం శాశ్వతంగా దెబ్బతినడం అత్యంత అరుదు. మత్తు డాక్టర్ మీతో విడిగా మాట్లాడి, విడిగా సంతకం తీసుకుంటారు.

ఇప్పుడు మోకాలి వైపు నష్టాలు, దాచకుండా చెబుతా. వాపు, నొప్పి రెండు మూడు వారాలు దాదాపు అందరికీ ఉంటాయి. గాటు పక్కన రూపాయి బిళ్లంత మేర తిమ్మిరి చాలామందికి వస్తుంది, కొందరికి అలాగే ఉండిపోతుంది. మోకాళ్ల మీద కూర్చుంటే తెలుస్తుంది, నడకకు అడ్డు రాదు.

పెద్దవి అరుదు. వెయ్యి మందికి ఈ ఆపరేషన్ చేసి అందర్నీ ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టామనుకోండి. ఒకరిద్దరికి కీలులో చీము పట్టి మళ్లీ కడగాల్సి వస్తుంది. మీకు షుగర్ ఉంది కాబట్టి ఆ ప్రమాదం కాస్త ఎక్కువ, అందుకే షుగర్ అదుపులో ఉంచమంటున్నా. సుమారు అయిదుగురికి పిక్కలో రక్తం గడ్డ కడుతుంది. అది ఊపిరితిత్తికి చేరడం వెయ్యిలో ఒకరి కన్నా తక్కువ, కానీ ప్రాణం మీదకు రావొచ్చు. లోపల రక్తం చేరి వాపు పెరగడం, మోకాలు బిగుసుకుపోవడం, గాయం మానినా కాలంతా మండే నొప్పి మిగలడం, పనిముట్టు కొస విరగడం, వెనక ఉన్న రక్తనాళం తెగడం కూడా జరిగినవే, చాలా అరుదుగా.

(ఒకరిద్దరు, అయిదుగురు అని మనుషుల లెక్కలో చెప్పాలి. 'పాయింట్ వన్ పర్సెంట్' అంటే ఎవరికీ బొమ్మ కట్టదు.)

డాక్టర్: ఇంకొకటి, ఇది ఆ అరుదైనవాటికన్నా మామూలుగా జరిగేది: ఆపరేషన్ బాగా జరిగినా నొప్పి పూర్తిగా పోకపోవడం. పట్టేయడం తగ్గుతుందని ఆశ, హామీ కాదు. గుజ్జు అరుగుదల వల్ల వచ్చే నొప్పికి ఇది మందు కాదు.

పేషెంట్: చేపిచ్చుకోకపోతే ఏమైతది?

డాక్టర్: అదీ ఒక దారే. ఫిజియో ఇంకో రెండు మూడు నెలలు, ఈసారి తొడ ముందు కండకు బరువుతో వ్యాయామం. మీరు చేసిన పది వారాల్లో వేడి కాపడం, కరెంటు పెట్టడం ఎక్కువ, కండ పని తక్కువ. మీ కుడి తొడ ఎడమదాని కన్నా ఇంకా సన్నగానే ఉంది. 2013లో రెండు పెద్ద పరిశోధనలు వచ్చాయి. ఫిన్లాండ్‌లో, అరుగుదల వల్ల మెత్త చిరిగినవాళ్లలో కొందరికి నిజంగా కత్తిరించారు, కొందరికి గాటు పెట్టి ఊరుకున్నారు. ఏడాది తర్వాత రెండు గుంపులూ ఒకలాగే ఉన్నాయి. అమెరికాలో, అరుగుదలతో పాటు మెత్త చిరిగి ఫిజియోలో చేరినవాళ్లలో సుమారు మూడోవంతు మంది ఆరు నెలల్లోపు ఆపరేషన్‌కు వచ్చారు, మిగతావాళ్లకు అప్పటికి అవసరం పడలేదు. మీది దెబ్బ తగిలి చిరిగింది, పట్టేస్తోంది కాబట్టి పూర్తిగా ఆ లెక్కలోకి రారు. అయినా ఫిజియోకు ఇంకా అవకాశం ఉంది.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది, చిరుగును అతికించదు. మీకు కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, తర్వాత కొన్ని వారాలు ఆపరేషన్ పెట్టుకోం. ఏమీ చేయకుండా ఆగినా కొంపలు మునగవు. చిరుగు పెరగొచ్చు. మోకాలు పట్టేసి ఎంతకీ చాపలేకపోతే మాత్రం ఆ రోజే రండి.

పేషెంట్: మీ ఇంట్లవాళ్లయితే ఏం జెయ్యమంటరు సార్?

డాక్టర్: మా అక్కకైతే ముందు ఆరు వారాలు సరైన వ్యాయామం చేయించి, అప్పటికీ పట్టేస్తుంటే ఆపరేషన్ చేయించమంటాను. కానీ మా అక్క రోజంతా మిషన్ తొక్కదు. పని ఆగిపోతోంది, ఇప్పుడే చేయించుకుంటానంటే అదీ సరైన నిర్ణయమే. పండక్కి గిరాకీ ఎప్పుడో, ఇంట్లో మెట్లెన్నో చూసుకోండి.

తమ్ముడు: మూడో అంతస్తు, లిఫ్టు లేదు సార్.

డాక్టర్: అయితే కుట్టు పడే రోజులకు కింద ఎవరింట్లోనైనా ఉండే ఏర్పాటు ముందే చూసుకోవాలి. ఇండియన్ బాత్రూం అయితే కమోడ్ కుర్చీ కావాలి. ఇప్పుడు ఒక పని చేయండమ్మా. ఇంటికెళ్లి మీవాళ్లకు ఎలా చెబుతారో, నాకు అలా చెప్పండి. నేను సరిగా చెప్పానో లేదో తెలియాలి.

పేషెంట్: చిప్ప తియ్యరు. రెండు చిన్న గాట్లు. చిరిగింది కత్తిరిస్తరు, లేకుంటే కుడతరు, లోపల చూసినంక తెలుస్తది. కుడితే నెలన్నర కర్రలు. చీము, రక్తం గడ్డ... తక్కువ మందికి. నొప్పి మొత్తం పోకపోవచ్చు. చెయ్యకుంటే ఎక్సర్‌సైజు.

డాక్టర్: అన్నీ చెప్పారు. ఒక్కటి కలుపుకోండి. ఆపరేషన్ తర్వాత జ్వరం, గాటు నుంచి చీము, రోజురోజుకూ పెరిగే నొప్పి, పిక్క వాచి గట్టిపడటం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఫోన్ చేయండి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే మాకు ఫోన్ చేస్తూ కూర్చోకుండా 108కి చేయండి.

పేషెంట్: బేస్తవారం వరకు ఆలోచించుకోవచ్చా సార్? సంతకం పెట్టినంక వద్దనిపిస్తే?

డాక్టర్: థియేటర్ తలుపు దగ్గర వద్దన్నా ఆపేస్తాం, మీ వైద్యం మాత్రం ఆగదు. ఫారం తెలుగులోది ఇస్తున్నా, ఇంట్లో చదవండి. చేయించుకోవాలనుకుంటే, ముందు రోజు ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు తీయొద్దు, గాట్లు పడితే ఇన్ఫెక్షన్ వస్తుంది. ఆరు గంటల ముందు నుంచి తిండి వద్దు, రెండు గంటల ముందు వరకు మంచినీళ్లు తాగొచ్చు. ఆ పొద్దున షుగర్ బిళ్ల వేసుకోవద్దు. కుడి మోకాలి మీద నేనే పెన్నుతో గుర్తు పెడతా, మీరు చూసి 'ఇదే' అని చెప్పాలి.

(ఫైలులో రాయాలి: తేదీ, సమయం, పక్కన ఉన్నది తమ్ముడు, సంభాషణ తెలుగులో, చెప్పిన నష్టాలు, చెప్పిన ప్రత్యామ్నాయాలు, పేషెంటు అడిగిన ప్రశ్నలు, తిరిగి చెప్పించినప్పుడు ఆమె అన్న మాటలు. 'నిర్ణయం గురువారానికి వాయిదా' అని రాసి డాక్టర్ సంతకం చేయాలి. పేషెంటు సంతకం గడి ఖాళీగానే ఉంచాలి.)