ఫరక్కాలో కలిసి కొలిచే నీళ్లు: తరగతి చర్చకు ఒక కేసు

రాజనీతి శాస్త్రం, డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులకు. శుక్రవారం క్లాసుకు ముందే చదివి రండి. ఆ రోజు నేను పాఠం చెప్పను, మీరే చర్చలు నడపాలి.

మీలో చాలామంది మిర్యాలగూడ, హాలియా వైపు నుంచి, సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్ల నుంచి వస్తున్నారు. చివరి ఆయకట్టుకు నీళ్లందనప్పుడు ముందుగా గొడవ దేని మీద వస్తుందో మీకు తెలుసు. వాటా మీద కాదు, తూము దగ్గర ఎన్ని నీళ్లు వదిలారన్న లెక్క మీద. లష్కర్ చెప్పిన గేజీని పైవాళ్లు నమ్ముతారు, కిందివాళ్లు నమ్మరు. గంగ మీద భారత్, బంగ్లాదేశ్‌లకు వచ్చిన చిక్కు కూడా ఇదే.

ఫరక్కా బ్యారేజీ పశ్చిమ బెంగాల్‌లో, సరిహద్దుకు దగ్గర్లో ఉంది. కోల్‌కతా రేవులో మేట వేసే ఒండ్రును కడగడానికి గంగ నీటిని ఫీడర్ కాలువ ద్వారా భాగీరథి–హుగ్లీలోకి మళ్లించడం దాని పని. 1975 ఏప్రిల్‌లో రెండు దేశాలూ ఒక తాత్కాలిక ఏర్పాటుకు ఒప్పుకున్నాయి: ఏప్రిల్ 21 నుంచి మే 31 దాకా ప్రయోగంగా కొంత నీరు మళ్లించడం. గడువు అయిపోయింది. మరో ఒప్పందం కుదరలేదు, మళ్లింపు మాత్రం ఆగలేదు. 1976 మేలో బంగ్లాదేశ్ నాయకుడు మౌలానా భాషానీ వేలాది మందితో ఫరక్కా వైపు పాదయాత్ర చేశారు. అదే ఏడాది బంగ్లాదేశ్ విషయాన్ని ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్లింది. ఈ కేసు మొత్తంలో మీరు ఎక్కువ సేపు ఆలోచించాల్సింది ఇక్కడే అని నా అభిప్రాయం. ప్రయోగం అన్న మాట నమ్మకం పెంచడానికి పుట్టింది. గడువు దాటాక అదే మాట అనుమానానికి కారణమైంది.

తర్వాత 1977లో ఐదేళ్ల ఒప్పందం, 1982లో, 1985లో అవగాహన పత్రాలు వచ్చాయి. 1988 నుంచి 1996 దాకా ఏదీ లేదు. 1996 డిసెంబరు 12న దేవెగౌడ, షేక్ హసీనా 30 ఏళ్ల ఒప్పందంపై సంతకం చేశారు.

అందులో వాటాల సూత్రం అందరికీ గుర్తుంటుంది. జనవరి 1 నుంచి మే 31 దాకా పది రోజులకో లెక్క. ప్రవాహం 70,000 క్యూసెక్కులు, అంతకు తక్కువైతే సగం సగం. 75,000 దాకా బంగ్లాదేశ్‌కు 35,000, మిగిలింది భారత్‌కు. ఆపైన భారత్‌కు 40,000, మిగిలింది బంగ్లాదేశ్‌కు. మార్చి 11 నుంచి మే 10 దాకా మాత్రం ఒక పది రోజులు ఒకరికి, తర్వాతి పది రోజులు మరొకరికి 35,000 గ్యారంటీ.

నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది నాలుగో అధికరణం. ఫరక్కాలో బ్యారేజీ కింద, ఫీడర్ కాలువలో, నావిగేషన్ లాక్ దగ్గర, అవతల బంగ్లాదేశ్‌లో హార్డింజ్ బ్రిడ్జి దగ్గర, రోజూ ప్రవాహాన్ని నమోదు చేయడానికి ఉమ్మడి కమిటీ బృందాలను పెట్టాలి. నది రెండు వైపులా ఎవరి లెక్క వారు రాసుకోకుండా, కలిసి రాయాలన్నది దీని ఉద్దేశం. తేడా వస్తే ముందు ఉమ్మడి కమిటీ, అక్కడ తేలకపోతే ఉమ్మడి నదుల కమిషన్, అక్కడా తేలకపోతే ప్రభుత్వాలు. ప్రవాహం 50,000 క్యూసెక్కుల కంటే తక్కువకు పడిపోతే రెండు ప్రభుత్వాలూ వెంటనే కూర్చోవాలి.

ఇలాంటి కొలతలు యుద్ధాలను కూడా దాటగలవు. 1960 సింధు జలాల ఒప్పందంతో ఏర్పడిన కమిషన్ 1965, 1971 యుద్ధాల తర్వాత కూడా నిలిచింది. అయినా పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో భారత్ ఆ ఒప్పందాన్ని నిలిపివేసింది. కాబట్టి కొలతలుంటే చాలు, రాజకీయం ఏమీ చేయదు అని రాయకండి.

ఇక మీ పని. ఈ పరిస్థితి కల్పితం. ఏప్రిల్ మొదటి పది రోజులు, 35,000 గ్యారంటీ బంగ్లాదేశ్ వంతు. ఫరక్కాకు వచ్చే నీరు 48,000కు పడింది. గ్యారంటీ ఇస్తే భారత్‌కు 13,000 మిగులుతుంది, రేవు అధికారులకు టెన్షన్. హార్డింజ్ బ్రిడ్జి దగ్గర అందిన నీరు ఫరక్కాలో వదిలినదాని కంటే తక్కువని ఢాకా అంటోంది. మధ్యలో ఇంకిపోయిందా, కొలతలో తేడానా, ఎవరూ తేల్చలేదు. పైన ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో ఎంత తోడుతున్నారన్నది బంగ్లాదేశ్‌కు కనపడదు.

కిటికీ వైపు కూర్చునేవాళ్లు ఢిల్లీ, తలుపు వైపు వాళ్లు ఢాకా. మొదటి గంట వాటాల అంకె ఎవరూ ఎత్తకూడదు. ఆ గంటలో అవతలివాళ్లు నమ్మడానికి మీరు ఏం చేస్తారో చెప్పండి: రెండు చోట్లా ఒకే రకం కరెంట్ మీటర్లా, ఒకే సమయానికి కొలతా, ఎగువ లెక్కలు చూపడమా, అవతలి ఇంజనీర్లను రమ్మనడమా? ప్రతి అడుగుకూ గడువు తేదీ రాయండి. గడువు ముగిసిన మరుసటి ఉదయం ఏం జరుగుతుందో కూడా రాయండి, 1975లో రాయకుండా వదిలేసింది అదే.

రెండో గంటలో 48,000ను పంచండి. ఒప్పందం కుదరకపోతే, ఏ అడుగు దగ్గర ఆగిందో ఒక పేజీలో రాసి సోమవారం ఇవ్వండి.