మమతా, అంకుల్‌కి నిన్న నేను చెప్పలేకపోయింది

మమతా పడుకున్నావా, పడుకుని ఉంటే పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్ళే ముందు మాత్రం చదవకు, సాయంత్రం రూమ్‌కి వచ్చాక చదువు. పెద్ద మెసేజే. ఫోన్‌లో చెబుదామనుకున్నా కానీ నీ గొంతు వింటే నేను మళ్ళీ మాట మార్చేస్తానని నాకే తెలుసు.

నిన్న అంకుల్ కంటి చెకప్‌కి వచ్చి, టీ తాగుతూ శ్రావణంలో తాంబూలాలు పుచ్చుకుని కార్తీకంలో పెళ్లి చేసేద్దాం ఏమంటావ్ బాబూ అన్నప్పుడు నేను తల ఊపి, బిస్కెట్ టీలో ముంచి, అది విరిగి గ్లాసులో పడిపోతే స్పూన్‌తో తీసుకుంటూ కూర్చున్నా చూడు, నువ్వు బయటికొచ్చాక "ఏమైందిరా, గట్ల మొఖం పెట్టినవ్" అన్నావు, నేను తలనొప్పి అన్నా. తలనొప్పి కాదు. నేను ఇప్పుడు పెళ్లి చేసుకోలేను మమతా. ఈ కార్తీకంలో కాదు. నువ్వు వద్దని కాదు. ఇంకెవరో ఉన్నారని కాదు, మా వాళ్ళు కులం గురించి మళ్ళీ ఏదో అన్నారని కాదు, ఆ గొడవ రెండేళ్ళ కిందటే అయిపోయింది, నీకూ తెలుసు.

2023లో అడిగితే ఆన్‌సైట్ వస్తది ఆగుదాం అన్నా. పోయినేడు అడిగితే ఫ్లాట్ చూసుకుని చేసుకుందాం అన్నా, నిజాంపేట్‌లో రెండు ఫ్లాట్లు కూడా చూపించా నీకు, బ్రోకర్‌తో బేరం కూడా ఆడా, సిగ్గు లేకుండా. ఆన్‌సైట్ నాకు ఎప్పుడూ రాలేదు, అసలు లిస్ట్‌లో నా పేరే లేదు. ఫ్లాట్ కొనే పరిస్థితి అంతకన్నా లేదు. మన ఏడేళ్ళలో నీకు చెప్పిన పెద్ద అబద్ధాలు ఈ రెండే అని చెబుదామనుకున్నా కానీ ఇంకోటి ఉంది, కింద చెప్తా.

ముందు డబ్బుల సంగతి. నాకు నెలకి 18,600 ఈఎంఐ పోతుంది. బండిదీ అక్క పెళ్లిదీ కలిపి అని చెప్పా కదా, కాదు. 2021లో నాన్న అయిదెకరాలు కౌలుకి తీసుకుని మిర్చి వేశాడు, ఎకరానికి 30 వేలు కౌలు ముందే కట్టేశాడు, నారు, మందులు, కూలీలు అన్నీ కలిపి ఎకరానికి లక్షన్నర దాకా పెట్టాడు. ఆ యేడే నల్ల తామర పురుగు వచ్చింది. మా ఊరనే కాదు, గుంటూరు చుట్టుపక్కల మిర్చి వేసినోళ్ళందరినీ ముంచింది అది. పూతలో చేరేది, పూతంతా రాలిపోయేది, ఏ మందు కొట్టినా చావలేదు, నాన్న రోజు మార్చి రోజు కొట్టించేవాడు, ఒకడు చెప్పాడని ఒకటీ ఇంకోడు చెప్పాడని ఇంకోటీ. నేను సంక్రాంతికి వెళ్ళినప్పుడు చేలోకి తీసుకెళ్ళాడు, మొక్కలు నా నడుం దాకా ఉన్నాయి, పచ్చగా ఉన్నాయి కూడా, కాయలు మాత్రం లేవు. ఆ రోజు నీకు చేలో దిగిన ఫోటో పంపితే సూపర్ ఉంది అని లవ్ సింబల్ పెట్టావు. అదే ఆ చేను.

పెట్టుబడంతా ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు, నోట్లు రాసి. అవి అలాగే ఉంటే పెరిగిపోతాయని 2022 మేలో నా పేరు మీద ఎనిమిది లక్షలు పర్సనల్ లోన్ తీసి ఆ నోట్లన్నీ చింపించేశా. అయిదేళ్ళది, ఇంకా 22 కిస్తీలు ఉన్నాయి. పైగా ఏప్రిల్ నుంచి బెంచ్ మీద ఉన్నా, అది నీకు తెలుసు, తెలియందేంటంటే మేనేజర్ ఈ మధ్య నా మెసేజ్‌లకి రిప్లై ఇవ్వడం మానేశాడు.

అప్పున్నోళ్ళు పెళ్లి చేసుకోరా అంటావు నువ్వు. అంటావని నాకు తెలుసు, ఇద్దరం కలిసి కట్టేద్దాం అని కూడా అంటావు, అందుకే చెప్పలేదు. నీకూ చరణ్ ఫీజులున్నాయి, పదో తారీఖుకే నీ అకౌంట్‌లో ఎంత మిగులుతుందో నేను చూడలేదా. కానీ అప్పొక్కటే అయితే నేను ఈపాటికి చెప్పేసేవాడినే. అసలు సంగతి వేరే.

ఉగాదికి ఊరెళ్ళినప్పుడు బాబాయ్ వచ్చాడు. మంచం మీద కూర్చుని, ఒరేయ్ నువ్వెందుకురా ఊరికే కుమిలిపోతావు, అమ్మాయి తండ్రి ఎల్ఐసీలో చేసి రిటైరయ్యాడు, ఒక్కత్తే ఆడపిల్ల, వాళ్ళు ఇచ్చేదాంతో నీ లోన్ ఒక్క దెబ్బకి తీరిపోద్ది, మనం అడగొద్దులే వాళ్ళే ఇస్తారు అన్నాడు. ఆ మాటకి నాకు కోపం రావాలి. మొదటి నుంచీ కట్నం తీసుకోను అని నీకు, నీ ఫ్రెండ్స్‌కి, ఆఫీసులో అందరికీ లెక్చర్లు ఇచ్చినోణ్ణి నేనే కదా. కోపం రాలేదు మమతా. అమ్మయ్య అనిపించింది. ఒక్క నిమిషమే, కానీ అనిపించింది, ఒళ్ళంతా తేలికైపోయింది, మనసులో లెక్క కూడా వేసేశా, ముందే కట్టేస్తే ఫోర్‌క్లోజర్ చార్జీ ఎంత పడుద్దో అని. ఆ రాత్రి డాబా మీద పడుకుని నాకు నిద్ర పట్టలేదు.

నిన్న అంకుల్ పాతిక తులాలు ఎప్పుడో చేయించి పెట్టాం, ఇంకా నీకు ఏం కావాలో మొహమాటపడకు అన్నప్పుడు మళ్ళీ ఆ లెక్కే కదిలింది నా తలలో. బిస్కెట్ అందుకే విరిగింది. మీ నాన్న కష్టపడి దాచుకున్న డబ్బుతో మా నాన్న మిర్చి అప్పు తీర్చి, ఆ తర్వాత జీవితాంతం నీ పక్కన కూర్చుని నేను అన్నం తినాలి. నువ్వు ఎప్పుడూ ఎత్తిపొడవవు. నాకే గుర్తుంటది. నువ్వు చీర కొనుక్కుంటే గుర్తుంటది, మీ ఇంటికి అల్లుడిలా వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంటే గుర్తుంటది. మా వాళ్ళు కూడా అంతే, ఇటువైపు ఖర్చులకి నాన్న ఇప్పటికే అయిదు లక్షలకి ఒకాయన్ని అడిగి ఉంచాడంట, మళ్ళీ రెండు రూపాయల వడ్డీయే. పెళ్లి అయిపోయిన మర్నాటి నుంచి అది కూడా నాదే.

ఇంకో అబద్ధం ఉంది అన్నా కదా. పెళ్లయ్యాక మనిద్దరమే వేరే ఉంటాం అని నీకు చెప్పా. అమ్మకి మాత్రం, హైదరాబాద్‌లో ఇల్లు తీసుకోగానే మీరిద్దరూ వచ్చేయండి, నాన్న ఇంక వ్యవసాయం మానేయాలి అని చెప్పా. అమ్మ అప్పుడే ఊళ్ళో అందరికీ చెప్పేసింది, గేదెని కూడా అమ్మేసింది. మీ ఇద్దరికీ చెరో మాట చెప్పా, ఎవరిముందు ఉంటే వాళ్ళకి నచ్చే మాట. ఇదేదో పెళ్లయ్యాక చూసుకుందాంలే అనుకున్నా, అంటే అర్థం ఏంటి, పెళ్లయ్యాక నువ్వూ అమ్మా ఒకే వంటింట్లో నిలబడి నేను చెప్పిన రెండు మాటలు పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటారు, నేను ఆఫీస్‌లో ఉంటా.

ఆ తర్వాత మా ఇంట్లో ఏం జరుగుద్దో కూడా నాకు తెలుసు. మా అమ్మా నాన్నా నేరుగా మాట్లాడుకోరు నీకు చెప్పానా ఎప్పుడైనా? గొడవైతే పది రోజులు, పదిహేను రోజులు. "మీ నాన్నకి చెప్పు అన్నం పెట్టానని" అని అమ్మ నాతో అనేది, నాన్న మూడడుగుల దూరంలోనే కూర్చుని ఉండేవాడు, నేను వెళ్ళి చెప్పేవాణ్ణి, నాన్నా అన్నం పెట్టిందంట అని. నాకప్పుడు ఆరేడేళ్ళు. అందరిళ్ళల్లో అంతే అనుకున్నా చాన్నాళ్ళు. ఫిబ్రవరిలో నీకు హైక్ వచ్చినప్పుడు నేను అయిదు రోజులు మాట్లాడలేదు గుర్తుందా, ప్రాజెక్ట్ టెన్షన్ అన్నా, నువ్వు నమ్మావో లేదో తెలీదు, రోజూ రాత్రి గుడ్ నైట్ పెడుతూనే ఉన్నావు. అది టెన్షన్ కాదు, మా నాన్న. వేరే వేరే రూముల్లో ఉన్నాం కాబట్టి అయిదు రోజుల్లో తేలింది, ఒకే ఇంట్లో ఉంటే ఎన్ని రోజులు పడుద్దో అని భయం నాకు. దానికి నేను ఏదో ఒకటి చేయాలి, ఎవరితోనైనా మాట్లాడాలి, అమీర్‌పేట్‌లో ఒక కౌన్సెలర్‌కి శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నా. నవ్వకు. మనం కలిసిన మైత్రీవనం వెనక సందులోనే, పక్కన ఆ పునుగుల బండి ఇంకా ఉంది.

నీకు ఇరవై తొమ్మిది నిండాయి. మీ పెద్దమ్మ ప్రతి ఫంక్షన్‌లో ఏమంటుందో, నువ్వు బాత్రూమ్‌లోకి వెళ్ళి నాకు ఎలా ఫోన్ చేస్తావో నాకు తెలుసు. ఈ మాట రెండేళ్ళ కింద చెప్పి ఉంటే నీకు రెండేళ్ళు మిగిలేవి. దానికి సారీ అంటే చాలా చిన్నగా ఉంది, అయినా సారీ. ఆగు అని నిన్ను అడగట్లేదు. అడగాలని ఉంది, కానీ డేట్ చెప్పకుండా ఆగమనడం అంటే మళ్ళీ ఆన్‌సైట్ కథే అవుద్ది. నేను చేస్తానని చెప్పగలిగినవి చెప్తా. దసరా లోపల అమ్మకి నిజం చెప్తా, వేరే ఉంటామని, నాన్నకి కౌలు లేకుండా ఊళ్ళోనే ఏదైనా చూద్దామని. బాబాయ్‌కి కూడా చెప్తా, అది సులువు. అయిదు లక్షలు తేవొద్దని నాన్నతో నిన్న రాత్రే ఫోన్‌లో చెప్పేశా, తిట్టాడు, పెట్టేశాడు. ఉద్యోగం సంగతి సెప్టెంబర్‌కల్లా అటో ఇటో తేలిపోద్ది. ఎప్పుడు చేసుకున్నా మీ ఇంటి నుంచి రూపాయి రాకుండా, రెండు వైపులా అప్పు చేయకుండా, కరీంనగర్‌లో మీ ఇంటి ముందు టెంటేసి వంద మందికి భోజనం పెట్టి చేసుకునే పెళ్లి అయితే నాకు ధైర్యం ఉంది, కానీ అది అంకుల్‌కి తలవంపులుగా ఉంటుందేమో, పాతిక తులాలు చేయించిన మనిషి. అందుకే అది కూడా నేను తేల్చేసి నీ మీద పెట్టట్లేదు.

అంకుల్‌కి నువ్వు చెప్పకు. ఆయన ముందు తల ఊపింది నేను, నేనే చెప్తా. నువ్వు సరే అంటే ఆదివారం పొద్దున్నే జేబీఎస్‌లో ఎక్కి కరీంనగర్ వస్తా, వద్దంటే రాను. లోన్ సంగతి కూడా ఆయనకి చెప్తా, బాబాయ్ మాట మాత్రం చెప్పను, అది నీకు మాత్రమే.

నీకు వేరే సంబంధం చూసుకోవాలనిపిస్తే నన్ను అడగక్కర్లేదు. ఈ వాక్యం నాలుగు సార్లు రాసి కొట్టేశా. ఉంచేస్తున్నా.

ఇప్పుడు రిప్లై ఇవ్వకపోయినా పర్లేదు. తిట్టాలంటే ఫోన్ చెయ్యి, రేపు ఎలాగూ బెంచే, రోజంతా ఖాళీ. లోన్ స్టేట్‌మెంట్ పీడీఎఫ్ కింద పెడుతున్నా, నేను మళ్ళీ ఏదైనా తగ్గించి చెప్పానేమో నువ్వే చూసుకో, పాస్‌వర్డ్ నా పుట్టినరోజు, మధ్యలో గీతలు లేకుండా కొట్టు. నీ స్టీల్ టిఫిన్ బాక్స్ నా దగ్గరే ఉండిపోయింది, కడిగి పెట్టా.