పాలచీటీ యాప్: వాడకం షరతులు, మీ సమాచారం గురించి మా మాట

2026 ఫిబ్రవరి 1 నుంచి అమలు. చదవడం ఇబ్బందిగా ఉంటే పైన ఉన్న ‘వినండి’ నొక్కండి. మొత్తం తెలుగులో చదివి వినిపిస్తుంది. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.

ఎవరు ఎవరు

పాలకేంద్రంలో పూటపూటకూ మీరు పోసే పాలు, వాటి ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్, రావలసిన డబ్బు ఫోన్లో చూపించడమే ఈ యాప్ పని. ఇందులో ‘మేము’ అన్నచోటల్లా విజయవాడ నుంచి ఈ యాప్ నడుపుతున్న కంపెనీ అని అర్థం. ‘డెయిరీ’ అంటే మీ పాలు కొని డబ్బు ఇచ్చేవాళ్లు. వాళ్లు వేరు, మేము వేరు.

‘మీరు’ అంటే కేంద్రంలో సభ్యత్వం ఎవరి పేరు మీద ఉందో వారు. ఈ మాట కాస్త గట్టిగా చెప్పాలి. చాలా ఇళ్లలో పాలు పోసేది అమ్మ, బ్యాంకు ఖాతా అమ్మది, ఫోన్ మాత్రం కొడుకుది. అలాంటప్పుడు ఈ ఖాతా అమ్మదే. కొడుకు చూసిపెట్టవచ్చు, చదివి చెప్పవచ్చు. బ్యాంకు ఖాతా నంబరు మార్చాలన్నా, సమాచారం వేరేవాళ్లకు ఇవ్వడానికి ఒప్పుకోవాలన్నా అమ్మే చెప్పాలి. అందుకే అలాంటి మార్పు అడిగినప్పుడు ఫోన్‌కి వచ్చే ఓటీపీ ఒక్కటే సరిపోదు. సభ్యురాలు కేంద్రానికి వచ్చి సభ్యత్వ కార్డు చూపించాలి.

పాల లెక్క, అందులో తప్పులు

మిషన్‌ను యాప్‌కి కలిపిన కేంద్రాల్లో అంకెలు వాటంతటవే పడతాయి. కలపని చోట కేంద్రంలో ఉన్నవాళ్లు చేత్తో కొడతారు. తప్పులు ఎక్కువగా వచ్చేది అక్కడే.

మీ ఫోన్లో చీటీ ఇలా కనిపిస్తుంది: ఉదయం, గేదె పాలు, 4.6 లీటర్లు, ఫ్యాట్ 6.8, ఎస్ఎన్ఎఫ్ 9.0, లీటరు 54 రూపాయలు, మొత్తం 248 రూపాయల 40 పైసలు. 4.6 అని కొట్టాల్సింది 6.4 అని కొడితే మీకు 97 రూపాయల 20 పైసలు ఎక్కువ చూపిస్తుంది. మీకు లాభం కదా అని వదిలేయం, అదీ సరిచేస్తాం. తక్కువ పడినా అంతే. చీటీ మీద వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచితే ‘ఇది తప్పు’ అని వస్తుంది, అది నొక్కండి. బిల్లు కట్టే రోజు వరకు ఎప్పుడైనా చెప్పవచ్చు. సరిచేసిన చీటీలో పాత అంకె కొట్టివేతతో అలాగే ఉంటుంది, పక్కన కొత్త అంకె, ఎవరు ఎప్పుడు మార్చారో కనిపిస్తాయి. ఏ అంకెనూ గుట్టుచప్పుడు కాకుండా మార్చే వీలు మాకు గానీ, కేంద్రానికి గానీ లేదు.

ఫ్యాట్ సంగతి వేరు. పాలు క్యాన్‌లో కలిశాక మీవి ఏవో ఎవరూ చెప్పలేరు. అనుమానం వస్తే అక్కడే, శాంపిల్ పారబోయకముందే, మళ్లీ తీయమని అడగండి. ఆ తర్వాత మాకు చెబితే, మిషన్‌లో నమోదైన అంకెకీ యాప్‌లో పడిన అంకెకీ తేడా ఉందా అని మాత్రమే చూడగలం.

లీటరు రేటు నిర్ణయించేది డెయిరీ. దాణాకు, మందులకు పట్టుకునే డబ్బు కూడా డెయిరీ చెప్పిన ప్రకారమే బిల్లులో కనిపిస్తుంది. వాటి మీద గొడవ ఉంటే డెయిరీతోనే తేల్చుకోవాలి. మీ దగ్గర ఉండాల్సిన లెక్కంతా మేమిస్తాం.

కరెంటు పోయినా, సిగ్నల్ లేకపోయినా చీటీ ఆలస్యంగా రావచ్చు. ఆ పూట కాగితం చీటీ తప్పకుండా తీసుకోండి. యాప్‌కీ కాగితానికీ తేడా వస్తే, కేంద్రం సంతకం ఉన్న కాగితాన్నే ముందు నమ్ముతాం.

డబ్బు

పాలు పోసేవాళ్లకు ఈ యాప్ ఉచితం. మాకు డెయిరీ నెలనెలా డబ్బు ఇస్తుంది. ప్రకటనలు వేయం, మీ సమాచారం అమ్మం.

యాప్‌లో మీ డబ్బు ఉండదు, మా చేతికీ రాదు. బిల్లు డబ్బు డెయిరీ నుంచి నేరుగా మీ బ్యాంకులో పడుతుంది. కాబట్టి ‘మీ పాల బిల్లు ఆగిపోయింది, ఓటీపీ చెప్పండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసమే. మేము గానీ, కేంద్రం గానీ ఓటీపీ అడగం. ఒకవేళ చెప్పేసి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు. ఆ తర్వాత బ్యాంకుకి, మాకు చెప్పండి.

మీ గురించి మేము తీసుకునేవి

మీ పేరు, ఊరు, సభ్యత్వ నంబరు, ఫోన్ నంబరు. బిల్లు పడాల్సిన బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ. మీరు పోసిన పాల లెక్క. ఇవి లేకపోతే యాప్ పని చేయదు. మీకు ఎన్ని గేదెలు, ఆవులు ఉన్నాయో, ఎప్పుడు ఈనాయో చెబితే టీకాల తేదీలు గుర్తుచేస్తాం. చెప్పకపోయినా చీటీలు ఆగవు.

ఆధార్ అడగం. బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో మాత్రం అడుగుతాం. కొందరు తొందరలో దాని బదులు ఆధార్ ఫోటో పంపేస్తుంటారు. అలా వస్తే తుడిచేసి, మళ్లీ పంపమని చెబుతాం.

ఫోన్లో అనుమతులు మూడే అడుగుతాం. కార్డు మీద ఉన్న క్యూఆర్ చదవడానికి, పాస్‌బుక్ ఫోటోకి కెమెరా. చీటీ వచ్చినట్టు తెలియడానికి నోటిఫికేషన్. ఫిర్యాదు నోటితో చెప్పి పంపాలనుకుంటే మైక్. మీ ఫోన్లోని నంబర్లు, మెసేజ్‌లు, ఫోటోలు, మీరు ఎక్కడ ఉన్నారన్నది మాకు అక్కర్లేదు. ఓటీపీ కూడా మీరే చూసి కొట్టాలి. కాస్త పని ఎక్కువే, కానీ మీ మెసేజ్‌లన్నీ మేము చదివే వీలు ఇవ్వడం కంటే అది నయం.

ఎవరికి ఇస్తాం

డెయిరీకి, మీ కేంద్రానికి ఇస్తాం, లెక్క వాళ్లదీ కాబట్టి. కేంద్రంలో ఉన్నవాళ్లకు మీ పాల అంకెలు కనిపిస్తాయి, బ్యాంకు ఖాతా నంబరులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. మీ పక్కింటివాళ్లకు మీ బిల్లు ఎంతో యాప్‌లో కనిపించదు. సమాచారం దాచే సర్వర్లు అద్దెవి, భారతదేశంలోనే ఉన్నాయి. వాటి యజమానులు మీ లెక్కలను వాడుకోకూడదని మాతో ఒప్పందం ఉంది. కోర్టు గానీ, చట్టప్రకారం అధికారం ఉన్న సంస్థ గానీ రాతపూర్వకంగా అడిగితే ఇవ్వక తప్పదు.

బ్యాంకు అప్పుల సంగతి విడిగా చెప్పాలి. పాడి రైతులకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తున్నారు కాబట్టి, బ్యాంకులు పాల బిల్లులు చూపించమంటాయి. ‘బిల్లులన్నీ’ నొక్కితే ఏడాది లెక్క ఒక పీడీఎఫ్‌గా వస్తుంది. అది మీరే తీసుకెళ్లి ఇచ్చుకోండి. నేరుగా మేమే బ్యాంకుకి పంపాలంటే, ఏ బ్యాంకుకి, ఏ నెలల లెక్క అన్నది చూపించి మీ సమ్మతి అడుగుతాం. ఆ గడిలో ముందే టిక్ పెట్టి ఉంచం. ఒకసారి ఒప్పుకున్నారని రెండో బ్యాంకుకి పంపం.

సమ్మతి అంటే

ఇంగ్లీషు ప్రతిలో వేరే మాట ఉన్నా, ఇక్కడ ‘సమ్మతి’ అనే రాశాం. ఏం అడుగుతున్నారో తెలిసి, ఎవరి బలవంతమూ లేకుండా ‘సరే’ అనడం సమ్మతి. తెలియక నొక్కింది సమ్మతి కాదు. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోవచ్చు: ‘నా ఖాతా’లో ‘నా సమ్మతులు’ తెరిచి, పక్కనున్న బటన్ ఆపేయండి. అప్పటిదాకా జరిగింది మారదు, ఆ క్షణం నుంచి ఆగుతుంది.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం మీ గురించి మా దగ్గర ఏముందో అడిగి తెలుసుకోవచ్చు, తప్పుంటే దిద్దించుకోవచ్చు, అక్కర్లేనిది తుడిపించుకోవచ్చు. మీ తర్వాత ఈ హక్కులు ఎవరు వాడుకోవాలో ముందే పేరు రాసి పెట్టవచ్చు. ఆ పేరు రాసేవాళ్లు తక్కువ, కానీ రాయండి. ఇంటి పెద్ద పోయాక పాత లెక్కల కోసం కుటుంబం తిరగాల్సిన పని తప్పుతుంది. ఆ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది. ఇక్కడ రాసినవన్నీ మేము ఇప్పటి నుంచే పాటిస్తాం.

పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల పేరు మీద ఖాతా తెరవం.

ఎన్నాళ్లు ఉంచుతాం

మీరు పాలు పోయడం మానేసి ఖాతా తీసేయమంటే ఫోన్ నంబరు, పాస్‌బుక్ ఫోటో, పశువుల వివరాలు 30 రోజుల్లో తుడిచేస్తాం. డబ్బు లెక్కలు మాత్రం వెంటనే తుడవలేం. లెక్కల పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలని కంపెనీల చట్టం చెబుతోంది. ఆ గడువు తీరాక అవీ పోతాయి.

ఎంత జాగ్రత్తపడినా సమాచారం బయటికి పోయిందని తెలిస్తే దాచిపెట్టం. ఏం పోయింది, మీరు ఏం చేయాలి అన్నది వెంటనే మెసేజ్ పంపి, కేంద్రం బోర్డు మీద కూడా రాయిస్తాం. డేటా పరిరక్షణ బోర్డుకీ తెలియజేస్తాం.

మార్పులు, ఫిర్యాదులు

ఈ షరతులు మారిస్తే 30 రోజుల ముందు చెబుతాం. మొత్తం మళ్లీ చదవమనం, మారిన వాక్యాలే పాతదీ కొత్తదీ పక్కపక్కన చూపిస్తాం. తెలుగు ప్రతికీ ఇంగ్లీషు ప్రతికీ అర్థంలో తేడా వస్తే మీకు మేలు చేసేదే చెల్లుతుంది. తెలుగులో మేము తప్పు రాస్తే ఆ నష్టం మాదే కావాలి కదా.

ఫిర్యాదుకి యాప్‌లో ‘మాతో మాట్లాడండి’ నొక్కండి. రాయనక్కర్లేదు, నోటితో చెప్పి పంపవచ్చు. యాప్ తెరుచుకోకపోతే కేంద్రంలో ఉన్న ఫిర్యాదుల పుస్తకంలో రాయించండి, దాని నకలు మా ఫిర్యాదుల అధికారికి వస్తుంది. పాల లెక్క మీద ఫిర్యాదుకి 3 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో జవాబు ఇస్తాం. మీ సమాచారం విషయంలో మా జవాబు నచ్చకపోతే డేటా పరిరక్షణ బోర్డుకి వెళ్లవచ్చు. కోర్టు దాకా వెళ్తే విజయవాడ కోర్టుల్లో అని మా షరతు. అయితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మీరు ఉండే ప్రాంతంలోనే ఫిర్యాదు చేసుకునే హక్కు మీకు ఉన్నచోట, ఈ షరతు దానికి అడ్డు రాదు.

దొంగ చీటీలు పుట్టించడానికి, ఇంకొకరి ఖాతాలోకి చొరబడడానికి యాప్‌ను వాడితే ఖాతా ఆపేస్తాం. ఆపేముందు కారణం చెబుతాం, మీ మాట వింటాం. అప్పుడు కూడా మీ పాత బిల్లులు మీకు అందుతాయి.

కింద రెండు బటన్లు ఉన్నాయి. రెండోది నొక్కినా కేంద్రంలో మీ పాలు ఎప్పటిలాగే తీసుకుంటారు, కాగితం చీటీ ఇస్తారు.

[ అర్థమైంది, ఒప్పుకుంటున్నాను ]

[ ఇప్పుడు వద్దు, కాగితం చీటీ చాలు ]