విజయవాడ మొబైల్ గేమ్ ఫైనల్స్ తర్వాత మన జట్టుకు

నెల్లూరు,
సోమవారం రాత్రి

సాయి, ఇర్ఫాన్, కార్తీక్, వంశీ,

మనకు అరవై పాయింట్లు. రెండో స్థానంలో నిలిచిన జట్టుకు అరవై ఒకటి. మొదటి రెండు జట్లకే తర్వాతి రౌండ్. నిన్న రాత్రి ట్రైన్‌లో కావలి దాటేదాకా మీలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ ఒక్క పాయింటు మీ నలుగురి గొంతుకూ అడ్డం పడిందని అర్థమైంది. అప్పుడు నేనేం చెప్పినా మీకు ఎక్కదు, అందుకే ఇవాళ రాస్తున్నా.

ముందుగా, ఏడుపు వస్తే ఏడవండి. ఐదు మ్యాచ్‌లు అయ్యేసరికి పదహారు జట్లలో మొదటి స్థానంలో ఉండి, ఆరో మ్యాచ్‌లో జారిపోవడం చిన్న దెబ్బేం కాదు. "పోనీలే, గేమే కదా" అనేవాళ్ల మాట పట్టించుకోవద్దు. కాలేజీ అయ్యాక రోజూ సాయంత్రం దర్గామిట్ట రూములో చెమటలు కక్కుతూ ప్రాక్టీస్ చేసింది మీరు. బాధ పడే హక్కు మీకుంది.

ఇక అసలు విషయం. ఆదివారం నుంచి వంశీ క్లిప్పు ఇన్‌స్టాలో తిరుగుతోంది. బ్రిడ్జి మీద బండి దిగి, ఎదురుగా కాచుకుని ఉన్న జట్టు చేతిలో నాక్ అయి పడిపోయిన క్లిప్పు. "వీడు దిగకపోతే గెలిచేవాళ్లు" అని కామెంట్లు. మీలో కూడా ఇద్దరు అదే అనుకుంటున్నారని నాకు తెలుసు. సాయి ఫోన్‌లో రికార్డయిన ఆఖరి మ్యాచ్ మాటలన్నీ ఇవాళ పొద్దున ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా, మళ్లీ మళ్లీ విన్నా. నాకు వినపడింది వేరు.

సేఫ్ జోన్ మిలిటరీ బేస్ వైపు పడగానే సాయి "బ్రిడ్జి మీదుగా పోదాం" అన్నాడు. తప్పు కాల్ కాదు, అప్పటికి బ్రిడ్జి మీద ఎవరున్నారో మనకు తెలియదు. వెంటనే కార్తీక్ గొంతు, మెల్లగా: "ఒడ్డున బోట్లున్నాయి." ఎవరూ బదులివ్వలేదు. కార్తీక్ మళ్లీ అనలేదు. బ్రిడ్జి మొదట్లో కాల్పులు మొదలయ్యాక వంశీ "దిగనా?" అని అడిగాడు. జవాబు లేదు. "అన్నా, దిగనా?" అని రెండోసారి అడిగాడు. అప్పుడూ లేదు. అప్పుడు దిగాడు. అతను పడగానే సాయి "స్మోక్ వెయ్యి" అన్నాడు, అదే క్షణంలో ఇర్ఫాన్ "ఆగొద్దు, తోలు" అన్నాడు. ఒకరు వెనక్కి, ఒకరు ముందుకు. పడినవాణ్ని రివైవ్ చేసి లేపడానికి దాదాపు పది సెకన్లు కావాలి. ఆ పది సెకన్లు సాయికి కాపలా లేదు. కార్తీక్ ఒక్కడే రెండు ఫినిష్‌లు తెచ్చాడు, అయినా మనం పదకొండో స్థానం. ఎనిమిది దాటితే ప్లేస్‌మెంట్ పాయింట్లు సున్నా అని మీకు చెప్పక్కర్లేదు.

వంశీ, నువ్వు బండి దిగావు. కానీ అడిగి దిగావు. అడిగినవాడికి జవాబు రాకపోవడం మన జట్టు సమస్య, నీ ఒక్కడిదే కాదు.

రెండో మ్యాచ్ రికార్డింగ్ కూడా విన్నా, మిరామార్ మ్యాప్‌లో గెలిచి చికెన్ డిన్నర్ కొట్టింది. అందులో ఇర్ఫాన్ "కొండ మీద ఇద్దరు" అంటే సాయి "చూశా, ఆగు" అన్నాడు. కార్తీక్ "నా దగ్గర గ్రెనేడ్లు అయిపోయాయి" అంటే వంశీ "నా దగ్గర రెండున్నాయి, వస్తున్నా" అన్నాడు. ప్రతి మాటకూ ఒక బదులు. అదే నలుగురు, అవే ఫోన్లు. నాలుగో మ్యాచ్‌లో తొందరగా బయటికొచ్చాక టెన్షన్ మొదలైంది. అక్కణ్నుంచి మాటలు తగ్గుతూ పోయాయి. ఐదో మ్యాచ్‌లో ఇర్ఫాన్ ఒంటరిగా నాలుగో స్థానం దాకా లాక్కొచ్చాడు కాబట్టి అది మనకు కనపడలేదు. భయం వేసినప్పుడు మనిషి చూపు తన స్క్రీనుకే అతుక్కుపోతుంది. పక్కవాడి మాట చెవిలో పడినా లోపలికి పోదు. ఎవడికి వాడు జట్టును తానొక్కడే ఒడ్డెక్కించాలనుకుంటాడు. మీ నలుగురూ అదే చేశారు, ప్రేమతోనే చేశారు.

మన దగ్గర బండలాగుడు పోటీలు చూశారు కదా. జతలో ఒక ఎద్దు ఎంత బలంగా గుంజినా, రెండోది అదే అడుగులో కలవకపోతే కాడి పక్కకు తిరుగుతుందే గానీ బండ కదలదు. ఇక మీదట మన రూములో ఒకటే నియమం: ఎవరేం చెప్పినా ఎవరో ఒకరు బదులివ్వాలి. "సరే", "వద్దు", "ఆగు", ఏదైనా ఒక్క మాట చాలు. బదులు రాకపోతే చెప్పినవాడు ఇంకోసారి గట్టిగా చెప్పాలి. కార్తీక్, ఈ రెండోది ముఖ్యంగా నీకు. నువ్వు మ్యాప్ చూసినంత బాగా మనలో ఎవరూ చూడరు. నీ గొంతు తక్కువగా ఉంటే ఆ చూపు మనకు దక్కదు.

సాయి, ఆటలో జట్టును నడిపే ఐజీఎల్‌వి కాబట్టి ఓటమంతా నీ నెత్తినేసుకుని కూర్చున్నావు. తీసి కింద పెట్టు. కాల్ ఇవ్వడం నీ పని, నీకు వార్త అందించడం మిగతా ముగ్గురి పని.

బుధవారం దాకా గేమ్ తెరవొద్దు. నిన్న రాత్రి రెండున్నరకు మీలో ఇద్దరు ఆన్‌లైన్‌లో ఉండటం చూశా. కసి మీద ఆడితే వేళ్లు అలిసిపోతాయి, నిద్ర పాడవుతుంది, చెడ్డ అలవాట్లు గట్టిపడతాయి, అంతకు మించి ఏమీ రాదు. ఇంట్లో కడుపు నిండా తినండి, పడుకోండి. బుధవారం పొద్దున అందరం మైపాడు బీచ్‌కు పోదాం. అక్కడ మ్యాచ్ ఊసే వద్దు. క్లిప్పు కింద కామెంట్లకు ఎవరూ జవాబివ్వొద్దు. వంశీని వెనకేసుకొస్తున్నామనుకుని మీరు రాసినా అది ఇంకో పది మందికి పాకుతుంది.

వంశీ, మీ నాన్నగారు ఫోన్ చేశారు. ఇది కూడా పందేల ఆటల లాంటిదేనా అని అడిగారు. ఆయన భయంలో తప్పు లేదు, డబ్బు పెట్టి ఆడే ఆటల్లో మునిగినవాళ్లను ఆయన చూసి ఉంటారు. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించిందని చెప్పా. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలిచ్చారని కూడా చెప్పా. కానీ ఆయనకు కావాల్సింది నీ సెమిస్టర్ మార్కులు. మంగళవారం సాయంత్రం మీ ఇంటికొస్తా. ప్రాక్టీస్ వేళలు ఆయన ముందే కూర్చుని రాసుకుందాం. పరీక్షల నెలలో ఆయన ఎంతంటే అంతే.

గురువారం సాయంత్రం ఆరింటికి రూములో కలుద్దాం. ఆరో మ్యాచ్ మొత్తం వింటాం. అప్పుడు ప్రతివాడూ తాను ఏం చూశాడో, ఏం చెప్పాడో, ఏం చెప్పలేదో మాత్రమే మాట్లాడాలి. "నువ్వు అట్టా చేయకుండా ఉంటే" అనే మాట ఆ రోజు ఎవరి నోటా రాకూడదు. ఆ తర్వాత చెవులకు మాత్రమే పని పెట్టే ప్రాక్టీస్ స్క్రిమ్ ఒకటి ఆడదాం: గెలుపోటములు లెక్కపెట్టం, బదులు రాని మాటలు మాత్రం నేను కాగితం మీద రాస్తుంటా.

సాయి, నీ ఫోన్‌లో రికార్డింగ్‌లు చెరపకు. ఇర్ఫాన్, బుధవారం కార్తీక్‌ను నీ బండి మీద ఎక్కించుకునిరా, వాళ్లింటి దగ్గర పొద్దున్నే బస్సు దొరకదు. ఆరున్నరకల్లా బయల్దేరాలి.

మీ
శ్రీను అన్న