2013-14 డిమాండ్ 2013లోనే చెల్లించాను, చలానా ఆధారంతో సవరించమని విన్నపం

అంబాజీపేట,
డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా,
14 జులై 2025.

ఆదాయపు పన్ను అధికారి గారికి,

అయ్యా,

విషయం: 2013-14 అసెస్‌మెంట్ సంవత్సరానికి రూ. 14,870 బకాయి తొలగింపు.

నేను అంబాజీపేటలో కొబ్బరి కమీషన్ వ్యాపారం చేస్తున్నాను. ఈ ఏడాది రావలసిన టీడీఎస్ రీఫండును పాత బకాయి కింద జమ చేసుకుంటామని 245 సెక్షన్ నోటీసు వచ్చింది. పోర్టల్ తెరిచి చూస్తే 2013-14కు రూ. 14,870 డిమాండ్ ఇంకా కనిపిస్తోంది. దానిపై చూపిస్తున్న వడ్డీ అసలును ఎప్పుడో దాటేసింది.

ఆ డిమాండ్ 143(1) కింద 2013 నవంబర్ 18 తేదీతో వచ్చింది. అదే వారంలో హెలెన్ తుఫాను. మా వైపు తోటలు పడిపోయి వ్యాపారం ఆగిన రోజులవి. అయినా డిసెంబర్ 9న, అంటే 30 రోజుల గడువు లోపే, బ్యాంకు కౌంటర్లో చలానా 280 మీద మొత్తం చెల్లించాను. చలానా వరుస సంఖ్య 00417, మేజర్ హెడ్ 0021, మైనర్ హెడ్ 400. బ్యాంకు ముద్ర, బీఎస్ఆర్ కోడ్ కౌంటర్‌ఫాయిల్ మీద ఇప్పటికీ చదవడానికి వీలుగానే ఉన్నాయి.

మరి జమ ఎందుకు కాలేదంటే, కౌంటర్‌ఫాయిల్‌లో 2013-14 అని స్పష్టంగా ఉన్నా, బ్యాంకు వాళ్లు కంప్యూటర్లో 2014-15 అని ఎక్కించారు. ఇదే చలానా 2014-15 ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తోంది. ఆ ఏడాది రిటర్నులో నేను దీన్ని వాడుకోలేదు, రీఫండు తీసుకోలేదు. కాబట్టి డబ్బు ప్రభుత్వ ఖాతాలోనే ఉంది, పక్క సంవత్సరంలో ఉంది, అంతే.

పోర్టల్‌లో డిమాండ్‌తో ఏకీభవించడం లేదని జవాబిచ్చి చలానా అప్‌లోడ్ చేశాను. చలానా మార్చే గడువు తమకు దాటిపోయిందని, ఇక అధికారే సవరించాలని బ్యాంకులో చెప్పారు. 2024 ఫిబ్రవరిలో చిన్న డిమాండ్ల రద్దుకు సీబీడీటీ ఇచ్చిన ఉత్తర్వు నాకు వర్తించదు. 2013-14కు అందులో పరిమితి రూ. 10,000. అసలు నేను అడిగేది మాఫీ కాదు, కట్టిన సొమ్ముకు లెక్క.

అలాగే 143(1) ఉత్తర్వులో తప్పుందని కూడా అనడం లేదు. అందులోని పన్నును ఒప్పుకునే కట్టాను. అందువల్ల 154 సెక్షన్‌లోని నాలుగేళ్ల గడువు దీనికి అడ్డు రాదని నా మనవి.

దయచేసి చలానాలో అసెస్‌మెంట్ సంవత్సరాన్ని 2013-14గా మార్చి, ఆ సొమ్మును డిమాండ్‌కు జమ చేసి, బకాయిని సున్నా చేయగలరు. గడువులోనే చెల్లించాను కనుక 220(2) వడ్డీ కూడా తీసేయాలి. ఇది తేలేవరకు నా రీఫండును సర్దుబాటు చేయకుండా సీపీసీకి తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

కౌంటర్‌ఫాయిల్ అసలు ప్రతి నా దగ్గరే ఉంది, పిలిస్తే తెచ్చి చూపిస్తాను. పాన్ కార్డు, చలానా, డిసెంబర్ 9న చెక్కు సొమ్ము తగ్గినట్టున్న పాస్‌బుక్ పేజీ, 143(1) ఇంటిమేషన్, 2014-15 రిటర్ను, 26ఏఎస్, పోర్టల్ జవాబు రసీదు, వీటి నకళ్లు సంతకం చేసి జతపరిచాను. ఈ అర్జీ అందినట్టు రెండో ప్రతి మీద ముద్ర వేసి ఇప్పించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
సత్యనారాయణ