అమ్మ మిషను చప్పుడు

చిన్నా, నిన్న నేను రాసిన కాప్షన్ మన స్టోరీలో పెట్టే ఫొటోల మీద పట్టదు. ఇదిగో, మొత్తం ఒకసారి చదువు:

"విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంట్లో అందరినీ లేపేది అమ్మ కుట్టుమిషను చప్పుడే. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగుకు గండ్లు పడి నీళ్ళు వీధిలోకొచ్చాయి, చూస్తుండగానే గడప దాటాయి. బియ్యం, సర్టిఫికెట్లు, పట్టుచీరలు మేడ మీదికి మోసుకెళ్ళాం. దసరాకు కుట్టమని వీధిలోవాళ్ళు ఇచ్చిన జాకెట్టు ముక్కల మూట కూడా అమ్మ నెత్తిన పెట్టుకుని ఎక్కింది. ఇనప స్టాండుతో ఉన్న మిషను మాత్రం ఎవరి వల్లా కాలేదు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటిందని ఫోన్లో చదువుతుంటే, 'మిషను ఎంతవరకు మునిగుంటదే?' అని అడిగింది అమ్మ. నీళ్ళు తీశాక చూస్తే షటిల్ నిండా ఒండ్రు, చక్రం బిగుసుకుపోయింది. రోజూ కిరోసిన్ పోసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మళ్ళీ మిషను నూనె వేసేది. ఒకరోజు పొద్దున్నే ఆ చప్పుడుకి నాకు మెలకువొచ్చింది."

ఇందులో చప్పుడు ఒక్కటే పట్టుకున్నాను. క్యూసెక్కులు తీసేశా, అవి పేపర్లో అందరూ చదివినవే. జాకెట్టు ముక్కల మూట తీసేస్తుంటే మాత్రం చేయి రాలేదు. దాన్ని ఇంకోరోజు విడిగా పెడదాం. ఒక్కో ఫొటో మీద రాయాల్సినవి ఇవిగో:

1. గడప ఫొటో
మా ఇంట్లో తెల్లారేది
మిషను చప్పుడుతో.

2. నీళ్ళు నిండిన వీధి
2024 సెప్టెంబరు 1.
బుడమేరు గడప దాటింది.

3. మేడ మెట్లు
అన్నీ మోసుకెళ్ళాం.
మిషను మోయలేకపోయాం.

4. మేడ మీంచి తీసింది
పైన హెలికాప్టర్. వీధిలో పడవలు.
కింద గదిలో చప్పుడే లేదు.

5. అమ్మ వెనకనుంచి
"మిషను ఎంతవరకు మునిగుంటదే?"

6. బురద చక్రం
నీళ్ళు పోయాయి.
చక్రం తిరగలేదు.

7. అమ్మ చేతులు, బ్రష్
కిరోసిన్ పోసింది. రుద్దింది.
మళ్ళీ పోసింది.

8. కిటికీలో వెలుగు
ఒకరోజు పొద్దున్నే
మెలకువొచ్చింది.

9. వీడియో

అయిదో దానిమీద అమ్మ మాట తప్ప ఇంకేం పెట్టకు, కళ్ళనీళ్ళ బొమ్మ కూడా వద్దు. మిగతావాటికంటే ఒక్క క్షణం ఎక్కువ ఆగనివ్వు. ఆరోదాంట్లో అక్షరాలు చక్రం మీద పడకుండా పక్కన గోడమీదికి జరుపు. మరీ కిందకి దించితే రిప్లై గడి కింద దాక్కుంటాయి. ఎనిమిదిలో 'చప్పుడు' అన్న మాట కావాలనే రాయలేదు, తర్వాత వినబడుతుందిగా.

పాట ఎక్కడా పెట్టొద్దు నాన్నా. ఎనిమిది దాకా నిశ్శబ్దంగానే పోనీ. తొమ్మిదోది అమ్మ మిషను తొక్కుతున్న వీడియో, దానిమీద ఒక్క అక్షరం రాయకు, సౌండ్ మాత్రం తీసేయకు.